పండగ మిగులు కూర: పెద్ద డబ్బానా, పూట డబ్బాలా, మనిషికో పొట్లమా?

విజయనగరంలో సిరిమాను ఎప్పుడూ దసరా తర్వాత వచ్చే మంగళవారమే. ఆ మర్నాడు మా ఇంట్లో కోడికూర వండుతాం. పోయిన ఏడాది పద్నాలుగు మంది ఉంటారని లెక్కేసి నాలుగు కిలోల కోడి తెచ్చాం. తీరా ఆకులు వేసే వేళకి తొమ్మిది మందే ఉన్నారు. మిగిలినవాళ్ళు పొద్దున్న బస్సుకే ఊళ్ళకి వెళ్ళిపోయారు. భోజనాలయ్యాక తూచి చూస్తే రెండు కిలోల నాలుగు వందల గ్రాముల కూర మిగిలింది. కిలో కందిపప్పు ఉడకబెట్టి సగానికే పోపు పెట్టాం కాబట్టి పోపు పెట్టని పప్పు రెండు లీటర్లు గిన్నెలోనే ఉంది.

మేం నలుగురం. నేను, మావారు, అత్తయ్య, నాలుగో తరగతి చదివే మా పాప. ఈ కూరని ఏ కొలతల్లో ఫ్రీజర్‌లో పెడితే పారేయకుండా తింటాం, ఎన్ని పూటలు వస్తుంది అన్నదే ఇక్కడ చెప్పాలనుకుంటున్నది. మా ఇంట్లో మూడు పద్ధతులూ చేసి చూశాను. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎంతమంది ఒకేసారి కూర్చుని తింటారు అన్నదాన్ని బట్టి మీకు వేరే పద్ధతి కుదరొచ్చు. అందుకే నా లెక్కతో పాటు శ్రీకాకుళంలో ఉన్న మా ఆడపడుచు లెక్క కూడా చెప్తాను. ఇద్దరివీ వేరు వేరుగా తేలాయి.

పెద్ద డబ్బాలో పెడితే ఏమైంది

అంతకు ముందు ఏడాది కూడా ఇలాగే రెండు కిలోల దాకా మిగిలింది. ఉన్న పెద్ద స్టీలు డబ్బాలో మొత్తం పోసి ఫ్రీజర్‌లో తోసేశాను. శనివారం మేం నీచు తినం కాబట్టి ఆదివారం తిందామని, ఆ పొద్దున్నే తీసి గట్టు మీద పెట్టాను. మధ్యాహ్నానికి చుట్టూ కరిగి పులుసు తేలింది, మధ్యలో మాత్రం రాయిలా ఉంది. అట్లకాడతో పొడిచి సగం విడదీసి వేడి చేశాను. మిగిలిన సగాన్ని మళ్ళీ ఫ్రీజర్‌లోకి పంపాను. బుధవారం దాన్ని తీస్తే ముక్క పీచుపీచుగా, పులుసు నీళ్ళనీళ్ళగా ఉంది, వాసన కూడా తేడాగా అనిపించింది. "ఏటే, ఇది పిల్లకి పెడతావా?" అని అత్తయ్య అడిగారు. పెట్టలేదు. కిలో కూర పారబోశాను.

అందులో రెండు తప్పులున్నాయి. గట్టు మీద కరగబెడితే లోపల ఐసు ఉండగానే పైపొర గది వేడికి వచ్చేస్తుంది. ఆ పైపొరలో సూక్ష్మజీవులు గంటల తరబడి పెరుగుతాయి. ఫ్రీజర్ వాటిని చంపదు, పెరగకుండా ఆపుతుంది అంతే. కరిగిన వెంటనే అవి మళ్ళీ మొదలుపెడతాయి. అందుకే కరగబెట్టడం ఫ్రిజ్ కింది అరలోనే జరగాలి. కానీ రెండు కిలోల గడ్డ ఫ్రిజ్‌లో కరగడానికి ఒకటిన్నర రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది.

రెండోది, కరిగిన కూర మొత్తం ఒకటి రెండు రోజుల్లో తినేయాలి. రెండు కిలోల నాలుగు వందలంటే మాకు నాలుగు పూటలు. రెండు రోజుల్లో నాలుగు పూటలు అదే కూర వేస్తే మూడో పూటకే పాప కంచం పక్కకి నెడుతుంది. కాబట్టి పెద్ద డబ్బాలో నాలుగు పూటల కూర ఉన్నట్టు కనిపించినా, నిజంగా తినేది మూడు పూటలే. ఒకే పూట పది మంది కూర్చుని తినే ఇంటికి పెద్ద డబ్బా సరిపోతుంది. నలుగురి ఇంటికి అది సరిపోదని నా అభిప్రాయం.

పూట డబ్బా: ముందు మీ పూట ఎంతో తూచండి

రెండో పద్ధతి, అందరూ కలిసి తినే ఒక్క పూటకి ఒక్క డబ్బా. ఇందులో చాలామంది తప్పేది కొలత దగ్గర. ఇంట్లో ఏ డబ్బా ఖాళీగా ఉంటే అందులో నింపుతారు. కూర డబ్బాకి సరిపోతుంది గానీ పూటకి సరిపోదు.

నేను రెండు ఆదివారాలు వడ్డనకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి గిన్నెని తూకం మీద పెట్టి చూశాను. ఎముకలతో, పులుసుతో కలిపి పెద్దవాళ్ళం ఒక్కొక్కరం నూట డెబ్బై గ్రాముల దాకా తింటున్నాం. పాప తొంభై గ్రాములు. మొత్తం ఆరు వందల గ్రాములు. పప్పు అయితే పెద్దవాళ్ళకి నూట ముప్ఫై మిల్లీలీటర్ల చొప్పున, పాపకి వందకి లోపు. మొత్తం అర లీటరు. తూకం లేకపోతే గరిటెలు లెక్కపెట్టినా సరిపోతుంది. మా పెద్ద గరిటెతో పూటకి ఏడు గరిటెల పప్పు అవుతుంది. మీ ఇంట్లో ఎంతవుతుందో మీ గరిటే చెప్తుంది.

ఆరు వందల గ్రాముల డబ్బా అయితే ముందు రోజు రాత్రి పడుకునే ముందు ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్ కింది అరలోకి దింపితే చాలు, మర్నాడు రాత్రి వంటకి కరిగి ఉంటుంది. ఆ పూట మొత్తం అయిపోతుంది కాబట్టి మిగులు సమస్య రాదు. మరచిపోతే కూడా దారి ఉంది. డబ్బాని చన్నీళ్ళ గిన్నెలో రెండు నిమిషాలు ముంచితే గడ్డ అంచులు వదులుతుంది. దాన్ని అలాగే మూకుట్లో వేసి పావు గ్లాసు నీళ్ళు పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద కరిగించవచ్చు. మధ్యలో తిప్పుతూ, చివరికి ముక్కల మధ్య పులుసు కూడా తెర్లే దాకా మరిగించాలి. పెద్ద గడ్డతో ఇలా చేస్తే కింద మాడిపోతుంది, మధ్యలో చల్లగానే ఉండిపోతుంది. ఆరు వందల గ్రాములకి ఇబ్బంది లేదు.

మనిషికో పొట్లం: మా ఆడపడుచు లెక్క

మూడో పద్ధతి మా ఆడపడుచుది. వాళ్ళిద్దరే. మా అన్నయ్యగారు పైడిభీమవరంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టులు మారుతుంటాయి. వారంలో నాలుగు రోజులు ఇద్దరూ వేరు వేరు వేళల్లోనే తింటారు. పూట డబ్బా ఆవిడకి పనికిరాదు. ఆయన అర్ధరాత్రి వచ్చి ఒక్కడే తిన్నప్పుడు సగం మిగిలిపోతుంది.

ఆవిడ కిలో కోడి వండితే ఉల్లిపాయ, పులుసుతో కలిపి దాదాపు కిలో పావు కూర అవుతుంది. ఆ రోజు ఇద్దరూ మూడు వందల యాభై గ్రాములు తింటారు. మిగిలిన తొమ్మిది వందల గ్రాముల్ని నూట ఎనభై చొప్పున ఐదు జిప్ కవర్లలో వేసి, గాలి నొక్కేసి, పళ్ళెం మీద పల్చగా పరిచి గడ్డ కట్టిస్తుంది. రెండు సెంటీమీటర్ల మందం దాటనివ్వదు. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెడుతుంది, తక్కువ చోటు పడుతుంది. పల్చగా ఉంటుంది కాబట్టి త్వరగా గడ్డ కడుతుంది, అంతే త్వరగా కరుగుతుంది. మూసిన కవరుని చన్నీళ్ళలో ముంచితే అరగంటలో విడిపోతుంది. అలా నీళ్ళలో కరిగించినది వెంటనే మరిగించి తినేయాలి, మళ్ళీ దాచకూడదు.

మొదట్లో ఆవిడ ఒకసారి, "వదినా, ఐదు పొట్లాలున్నాయి, ఐదు రోజులు వంట లేదు" అని ఫోన్‌లో చెప్పింది. మూడో రోజుకే అయిపోయాయి. ఐదు పొట్లాలు ఇద్దరికి రెండున్నర పూటలు. అందుకే నేను ఎప్పుడూ రోజుల్లో లెక్కపెట్టను. పూట పేరు, తినేవాళ్ళ సంఖ్య రెండూ కలిపి రాసుకుంటాను. "నలుగురికి ఒక రాత్రి", "ఒక్కరికి ఒక మధ్యాహ్నం" అన్నట్టు.

చిన్న పొట్లాలకి ఒక లోపం ఉంది. కూర తక్కువ, బయటి గాలి తగిలే భాగం ఎక్కువ. గాలి సరిగ్గా తీయకపోతే మూడు వారాలకే ముక్క అంచులు తెల్లగా ఎండిపోతాయి. అది చెడిపోవడం కాదు, తింటే ఏమీ కాదు, కానీ ఆ ముక్కకి రుచి ఉండదు, నారలా నములుతాం. పైగా నలుగురి ఇంట్లో పూటకి నాలుగు కవర్లు విప్పడం, కడగడం వృథా శ్రమ.

మా ఇంట్లో కుదిరింది: రెండూ కలిపి

ఇప్పుడు ఆ రెండు కిలోల నాలుగు వందల గ్రాముల దగ్గరికి వస్తాను. మూడు డబ్బాల్లో ఆరు వందల చొప్పున పెట్టాను. మిగిలిన ఆరు వందల్ని రెండు వందల చొప్పున మూడు పల్చటి పొట్లాలు చేశాను. పప్పుని మూడు అర లీటరు డబ్బాలు, రెండు పావు లీటరు డబ్బాలు చేశాను.

డబ్బాలు రాత్రికి. రాత్రి మేం నలుగురం కలిసే తింటాం. పొట్లాలు, చిన్న డబ్బాలు మధ్యాహ్నానికి. మావారికి ఊళ్ళోనే పని కాబట్టి కొన్ని రోజులు మధ్యాహ్నం ఇంటికి వస్తారు, అత్తయ్య ఎలాగూ ఇంట్లోనే. మూడు కోడి పొట్లాలు ఆయన మూడు మధ్యాహ్నాలకి, రెండు పావు లీటరు పప్పులు ఇద్దరికీ రెండు మధ్యాహ్నాలకి సరిపోయాయి. నా క్యారేజీకి, పాప క్యారేజీకి మాత్రం కరిగించిన కోడికూర పెట్టను. ఏడున్నరకి కట్టిన క్యారేజీ పన్నెండున్నరకి విప్పుతాం. అంతసేపు గోరువెచ్చగా ఉండే మాంసం కూర మంచిది కాదు. మాకు పొద్దున్న చేసిన వేపుడో, పచ్చడో చాలు.

పప్పులో ఒక వెసులుబాటు ఉంది. పోపు, పులుపు, కూరగాయ ఏమీ కలపకుండా ఉడికిన పప్పుని అలాగే దాస్తే దాన్ని తర్వాత దేనికైనా తిప్పుకోవచ్చు. ఒక డబ్బాని ముద్దపప్పులా నెయ్యితో తిన్నాం. ఒకటి టమాటా మగ్గించి కలిపాను. మూడోది చింతపండు పులుసు, బెల్లం, ఇంగువ వేసి పప్పుచారు పెట్టాను. నీళ్ళు చేరాయి కాబట్టి అది రాత్రికి, మర్నాడు రాత్రికి కూడా వచ్చింది. అలా మూడు డబ్బాలు నాలుగు రాత్రులయ్యాయి. ఫ్రీజర్‌లోంచి తీసిన పప్పు గట్టిపడి ఉంటుంది, విరిగినట్టు కనిపిస్తుంది. అర గ్లాసు వేడి నీళ్ళు పోసి గరిటెతో మెదిపితే మామూలైపోతుంది. పోపు అప్పటికప్పుడు పెడతాం కాబట్టి నిలవ పప్పన్న సంగతి నాలిక్కి తెలియదు. అత్తయ్య కూడా పప్పుకి ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

మొత్తం మీద ఆ ఒక్క వంటలో మిగిలినది మూడు కోడి రాత్రులు, నాలుగు పప్పు రాత్రులు, ఐదు మధ్యాహ్నాలు ఇచ్చింది. ఏడు రాత్రులు వరసగా తినలేదు. శని, సోమవారాలు నీచు ఉండదు కాబట్టి ఆ రోజుల్లో పప్పు, మధ్యలో రెండు మూడు రోజులకి ఒకసారి కోడి, మిగతా రాత్రులు మామూలు వంట. అన్నం, పెరుగు, ఒక కూరగాయ రోజూ తాజాగానే.

ఈ ఏడు రాత్రులు రెండు వారాల మీద పరచుకోవడానికి ఇంకో కారణం ఉంది. దీపావళి దాటితే కార్తీకం. నెల రోజులు మా ఇంట్లో నీచు గడప తొక్కదు. సిరిమాను నుంచి దీపావళి దాకా ఏడాదిని బట్టి దాదాపు రెండు వారాల నుంచి మూడు వారాల లోపు ఉంటుంది. కోడికూర మూడు నెలలు నిలవ ఉంటుందని ఎక్కడ చదివినా, మాకు గడువు ఆ రెండు వారాలే. మిగిలినప్పుడే క్యాలెండర్ చూసి, దీపావళిలోపు ఎన్ని కోడి పూటలు పడతాయో లెక్కేసి, అంతకు మించి ఉంటే ఆ రోజే పక్కింటికి పంపేస్తాను. నిజానికి ఈ లెక్క కూర మిగలక ముందే వేసుకుంటే ఇంకా మంచిది. ఈసారి మూడు కిలోలే తెస్తాను.

ఫ్రీజర్‌లోకి వెళ్ళే ముందు రెండు గంటలు

ఎంత చక్కగా పంచినా, ఫ్రీజర్‌లోకి వెళ్ళే ముందే కూర పాడైతే ఆ పని అంతా దండగ. వండిన మాంసం, పప్పు, అన్నం గది వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదు. ఉక్కపోతగా ఉండి ముప్ఫై రెండు డిగ్రీలు దాటితే గంటే. పండగ రోజు మధ్యాహ్నం పన్నెండుకి దించిన కూర నాలుగు వరకు వడ్డనల మధ్య అలాగే ఉండటం మన ఇళ్ళలో మామూలు. సాయంత్రం మళ్ళీ బాగా మరిగించి దాస్తే సరిపోతుందని అనుకుంటాం. కానీ కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం మరిగించినా పోదు.

అందుకే ఇప్పుడు వంట దించగానే రెండుగా విడదీస్తాను. వడ్డనకి వెళ్ళే గిన్నె వేరు. మిగలొచ్చు అనిపించేది వేరే తపేలాలో మూతపెట్టి పొయ్యి మీదే సన్నని సెగ మీద పొగలు కక్కేలా ఉంచుతాను. వడ్డన గిన్నె అయిపోతే అందులోంచి తీస్తాను. భోజనాలు ముగిశాక పొయ్యి మీదున్నదే దాస్తాను. ఎంగిలి గరిటెలు తగిలిన వడ్డన గిన్నెలో మిగిలినది ఆ పూటకే, ఫ్రీజర్‌కి కాదు.

చల్లార్చడానికి లోతు గిన్నె పనికిరాదు. వెడల్పాటి పళ్ళాల్లో రెండు వేళ్ళ ఎత్తుకి పరిచి, ఆ పళ్ళాన్ని నీళ్ళున్న పెద్ద బేసిన్‌లో పెట్టి ఫ్యాన్ కింద ఉంచితే అరగంట, ముప్పావు గంటలో చల్లబడుతుంది. తపేలాలో అలాగే వదిలేస్తే సాయంత్రానికీ మధ్యలో వెచ్చగానే ఉంటుంది. చల్లబడ్డాక డబ్బాల్లో నింపి మూత పెడతాను. అంచుకి ఒక వేలు ఖాళీ వదలాలి. నీరు గడ్డ కట్టినప్పుడు పదో వంతు దాకా పెరుగుతుంది, నిండుగా పోస్తే మూత లేచిపోతుంది. పచ్చడి సీసాల్లో పెడితే పగిలిపోతాయి.

ఒకే రోజు అన్నీ చిన్న ఫ్రీజర్‌లో తోయవద్దు. చుట్టూ ఉన్నవి కూడా వేడెక్కుతాయి, కొత్తవి నెమ్మదిగా గడ్డ కడతాయి. నెమ్మదిగా గడ్డ కడితే ముక్కలో పెద్ద ఐసు రవ్వలు ఏర్పడి, కరిగేటప్పుడు ముక్కలోని రసం అంతా బయటికి వస్తుంది. పులుసు నీళ్ళనీళ్ళగా, ముక్క పిప్పిలా అయ్యేది అందుకే. నేను ఆ రాత్రి కోడి డబ్బాలు మాత్రమే ఒకదాని పక్కన ఒకటి, పేర్చకుండా పెట్టాను. పప్పు ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు సాయంత్రం ఫ్రీజర్‌లోకి ఎక్కించాను.

డబ్బాల విషయంలో నా ఓటు స్టీలుకే. త్వరగా చల్లబడుతుంది, త్వరగా గడ్డ కడుతుంది, వాసన పట్టదు. మైక్రోవేవ్ ఉన్నవాళ్ళకి మాత్రం స్టీలు పనికిరాదు. బిరియానీ పార్సిల్‌తో వచ్చే ప్లాస్టిక్ డబ్బాల మూతలు రెండు మూడు సార్లకే పెళుసుబారి విరిగిపోతాయి. ఒక్కసారికి వాడుకోవచ్చు, కానీ అందులో వేడి కూర పోయకూడదు. డబ్బా పొడిగా ఉన్నప్పుడే కాగితపు టేపు అంటించి "కోడి, 4గురు, తేదీ" అని రాయండి. చెమ్మగిల్లాక ఏదీ అంటుకోదు.

ఏవి దాచకూడదు

ఇది క్లుప్తంగా చెప్తాను. బంగాళాదుంప ముక్కలు స్పాంజిలా అవుతాయి, కాబట్టి దుంప వేసిన కోడికూర నుంచి దుంపలు ముందే తీసి తినేయండి. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. మజ్జిగ పులుసు, కొబ్బరిపాలు పోసిన కూరలు విరిగిపోతాయి. బెండకాయ, వంకాయ, ములక్కాడ మెత్తగా నీరుగారిపోతాయి, అందుకే సాంబారు కంటే ఉత్త పప్పు దాచడం మేలు. గారెలు దాచవచ్చు గానీ కరకర పోతుంది. పెనం మీద నూనె లేకుండా కాల్చుకుంటే కొంత తిరిగొస్తుంది. అన్నం గది వేడిలో ఉంటే త్వరగా హాని చేసే వాటిలో ఒకటి. దాన్ని దాచే శ్రమ కంటే పూటకి పావుగంటలో వండుకోవడం సులువు.

మీ ఫ్రీజర్ ఎలాంటిది

సింగిల్ డోర్ ఫ్రిజ్ పైన ఉండే చిన్న ఐసు పెట్టెకి, డబుల్ డోర్ ఫ్రీజర్‌కి చాలా తేడా ఉంది. డబుల్ డోర్ మామూలుగా మైనస్ పద్దెనిమిది డిగ్రీలు పట్టి ఉంచుతుంది. అందులో కోడికూర రెండు మూడు నెలలు రుచి చెడకుండా ఉంటుంది. సింగిల్ డోర్‌లో చాలావాటికి మైనస్ ఆరు, మైనస్ పన్నెండు దగ్గరే ఆగిపోతుంది. మైనస్ పన్నెండుకి నెల, మైనస్ ఆరుకి వారం అనుకోండి. తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కప్పు ఐస్‌క్రీం ఒక రాత్రంతా పెట్టి చూడండి. చెంచా దిగనంత గట్టిగా ఉంటే మంచిది. మెత్తగా గుచ్చుకుంటే అది వారం పది రోజుల పెట్టె. మాది సింగిల్ డోర్. ఐస్‌క్రీం గట్టిగానే ఉంటుంది కాబట్టి మూడు వారాలకి ధైర్యం చేస్తాను. పండగకి ముందే పేరుకున్న ఐసు కరిగించి శుభ్రం చేసి పెట్టుకుంటాను. వేలెడు మందం ఐసు గోడల మీద ఉంటే చల్లదనం లోపలికి రాదు, చోటు కూడా పోతుంది. అత్తయ్య కోసం పప్పు డబ్బాలు ఒక పక్క, కోడివి వేరే పళ్ళెంలో ఇంకో పక్క పెడతాను.

మన రెండు జిల్లాలవాళ్ళు మరచిపోకూడని విషయం ఇంకొకటి ఉంది. దసరా నెలే తుపానుల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ ఈ రోజుల్లోనే వచ్చాయి. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. తలుపు తీయకపోతే నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లగా ఉంచగలదు. సింగిల్ డోర్ పెట్టెకి అంత ఓపిక లేదు, కొన్ని గంటలే. అందుకే తుపాను హెచ్చరిక వచ్చిన రోజు నేను ముందుగా కోడి డబ్బాలు దింపి ఆ రాత్రే, మర్నాడు మధ్యాహ్నమే వండేస్తాను. పప్పు తర్వాత. ఫ్రీజర్‌లో ఒక చిన్న గ్లాసు నీళ్ళు ఎప్పుడూ గడ్డకట్టి ఉంటాయి, దాని మీద రూపాయి బిళ్ళ. ఊరెళ్ళి వచ్చాక, లేదా రాత్రంతా కరెంటు పోయి వచ్చాక మొదట చూసేది ఆ గ్లాసే. బిళ్ళ పైనే ఉంటే డబ్బాలు అలాగే ఉంచుతాను. నీళ్ళలో మునిగి మళ్ళీ గడ్డ కట్టి ఉంటే కోడి డబ్బాలు విప్పి వాసన చూడను, పారేస్తాను.